టెక్ సందేహాలు: కళ్లజోడు ఖరీదు ఫ్రేము దగ్గరే మొదలవుతుంది

ప్రశ్న: నాకు రెండు కళ్లకూ పవర్ -5.50. పాత ఫ్రేము బాగానే ఉంది కానీ చిన్నది, ఈసారి పెద్దది కావాలనుకున్నాను. ద్వారకానగర్‌లో ఒక షాపులో ఫ్రేము 2,600, బ్లూ కట్‌తో 1.67 లెన్సులు 5,800, మొత్తం 8,400 చెప్పారు. 1.6 మామూలు కోటింగ్‌తో అయితే లెన్సులు 2,900 అట. ఆన్‌లైన్‌లో ఫ్రేము 1,200 అని ఉంది, 1.67 బ్లూ కట్ ఎంచుకునేసరికి 5,100 అయింది, 1.6 అయితే 3,200. అద్దాలు సోడాబుడ్డిలా కనిపించకూడదు. ఏది తీసుకోమంటారు? - ఎంవీపీ కాలనీ నుంచి ఒక పాఠకురాలు

జవాబు: మీ పాత ఫ్రేము పారేయకండి. లెక్కంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

మైనస్ పవర్ లెన్సు మధ్యలో పల్చగా, అంచుల్లో మందంగా ఉంటుంది. అంచు ఎంత మందం వస్తుందో రెండు విషయాలు తేలుస్తాయి. ఒకటి మెటీరియల్, అంటే 1.56, 1.6, 1.67, 1.74 అని షాపువాళ్లు చెప్పే ఇండెక్స్. రెండోది మీ కంటిపాపకు ఎదురుగా ఉండే చోటు నుంచి లెన్సు చివరి అంచు ఎంత దూరంలో ఉందన్నది. మొదటిదానికి షాపులో వేరే ధరల పట్టికే ఉంటుంది. రెండోదాని గురించి అడిగితే తప్ప ఎవరూ చెప్పరు. ఎందుకంటే అది ఫ్రేము సైజును బట్టి ఉచితంగా వచ్చేది.

మీ పాత ఫ్రేము కాడ లోపలివైపు చూడండి. 48□20 140 లాంటి అంకెలు సన్నగా ముద్రించి ఉంటాయి. మొదటిది లెన్సు వెడల్పు, రెండోది ముక్కు మీది వంతెన వెడల్పు, మూడోది కాడ పొడవు, అన్నీ మిల్లీమీటర్లలోనే. ఇప్పుడు పెద్ద ఫ్రేములు చాలావరకు 54, 55, 56 సైజుల్లో వస్తున్నాయి. మీ పాతది 48-20, కొత్తగా నచ్చింది 55-17 అనుకుందాం. రెండు కంటిపాపల మధ్య దూరం, అంటే పీడీ, 62 మిల్లీమీటర్లు అనుకుందాం.

కొత్త ఫ్రేములో 55, 17 కలిపితే 72. మీ పీడీ 62. తేడా 10, ఒక్కో కంటికి 5. అంటే లెన్సు కేంద్రాన్ని ముక్కు వైపు 5 మిల్లీమీటర్లు జరపాలి, దాంతో చెవి వైపు అంచు కంటిపాప నుంచి 32.5 మిల్లీమీటర్ల దూరానికి పోతుంది. పాత ఫ్రేములో ఇదే దూరం 27 మాత్రమే. దీన్ని మందంగా మార్చే లెక్క ఇది:

```
అంచు మందం = 1.5 + (దూరం × దూరం × పవర్) ÷ (2000 × (ఇండెక్స్ − 1))
```

మొదటి 1.5 లెన్సు మధ్యలో ఉండే మందం. మిగతాదంతా పవర్ వల్ల పెరిగేది. లెక్కలో పవర్‌ను మైనస్ గుర్తు లేకుండా వేసుకోండి. సిలిండర్ పవర్, లెన్సు వంపు, ఫ్రేము ఆకారం వల్ల అసలు అంకె కాస్త అటూ ఇటూ అవుతుంది, పోల్చుకోవడానికి మాత్రం ఇది చాలు.

పెద్ద ఫ్రేములో 5,800 పెట్టి 1.67 వేయిస్తే అంచు సుమారు 5.8 మిల్లీమీటర్లు. ఇంకా డబ్బు పెట్టి 1.74 వేయించినా 5.4. అదే పాత చిన్న ఫ్రేములో 1.6 వేయిస్తే 4.8. షాపులో అందరికీ మామూలుగా చూపించే 1.56 వేయించినా 5.1 వస్తుంది. అంటే చిన్న ఫ్రేములో ఉన్న చవక లెన్సు, పెద్ద ఫ్రేములో ఉన్న అత్యంత ఖరీదైన లెన్సు కంటే సన్నం. సోడాబుడ్డి భయం తీరాలంటే ముందు మార్చాల్సింది ఫ్రేము సైజు.

పెద్ద ఫ్రేమే కావాలనుకుంటే అది మీ ఇష్టం, దానికి 1.67 అవసరమే. కానీ సన్నటి లెన్సు కావాలంటూనే పెద్ద ఫ్రేము తీసుకుని, ఆ ఫ్రేము తెచ్చిన మందాన్ని తగ్గించడానికి మళ్లీ డబ్బు కట్టడం నాకైతే సమ్మతంగా లేదు.

ఇప్పుడు మీ ధరలు చూద్దాం. 1.67 బ్లూ కట్‌తో షాపు 8,400, ఆన్‌లైన్ 5,100. తేడా 3,300. 1.6 మామూలు కోటింగ్‌కు వస్తే షాపు 5,500, ఆన్‌లైన్ 3,200. తేడా 2,300కు తగ్గింది. ఇందులో 1,400 ఫ్రేముదే, లెన్సులది 900. అంటే ఆన్‌లైన్ చవక అవడానికి పెద్ద కారణం ఫ్రేము. మరి మీకు ఫ్రేము ఇంట్లోనే ఉంది కదా. పాత ఫ్రేములో లెన్సులు మాత్రమే వేయిస్తే షాపులోనే 2,900తో పని అయిపోతుంది, ఆన్‌లైన్ 3,200 కంటే అదే తక్కువ. బిగించే చార్జీ వేరుగా అడుగుతారేమో ముందే కనుక్కోండి. ఒక జాగ్రత్త ఏమిటంటే, పాత ప్లాస్టిక్ ఫ్రేము బిగించేటప్పుడు విరిగితే షాపువాళ్లు బాధ్యత తీసుకోరు. కాడల దగ్గర తెల్లటి గీతలు వచ్చి ఉంటే అది పెళుసెక్కిందని అర్థం.

ఇక కోటింగ్. యాంటీ రిఫ్లెక్షన్ పొరను షాపుల్లో మల్టీకోట్ అని, ఏఆర్ అని అంటారు. ఇది మాత్రం వదులుకోవద్దు. ఇండెక్స్ పెరిగేకొద్దీ లెన్సు వెలుతురును ఎక్కువగా తిప్పికొడుతుంది. పొర లేని 1.5 లెన్సు ఒక్కో వైపు దాదాపు 4 శాతం వెనక్కి పంపితే, 1.67 సుమారు 6 శాతం పంపుతుంది. రాత్రి బీచ్ రోడ్డులో ఎదురు బండ్ల లైట్లు చుక్కలుగా, నీడలుగా చిమ్మేది దీనివల్లే. పొర ఉందో లేదో చూడాలంటే ట్యూబ్‌లైటు కింద లెన్సును కాస్త వంచండి. ప్రతిబింబం ఆకుపచ్చగానో నీలంగానో మసకగా కనిపిస్తే పొర ఉన్నట్టు, తెల్లగా మెరిస్తే లేనట్టు.

బ్లూ కట్ గురించి నా మాట సూటిగా చెబుతాను: దానికోసం అదనంగా డబ్బు పెట్టవద్దు. కౌంటరు మీద చిన్న టార్చి వేసి, మామూలు లెన్సు గుండా వెలుతురు దాటి కార్డు మీద పడుతోందని, బ్లూ కట్ లెన్సు గుండా దాటడం లేదని చూపిస్తారు. చూడటానికి గట్టి రుజువులా ఉంటుంది. కానీ ఆ టార్చీల్లో సాధారణంగా ఉండేది 405 నానోమీటర్ల దగ్గర ఊదారంగు వెలుతురు. మీ ఫోను, కంప్యూటర్ తెరల నీలం శిఖరం 450 దగ్గర ఉంటుంది. టార్చిని ఆపిన లెన్సు తెర వెలుతురును పెద్దగా ఆపదు. వైద్య పరిశోధనలను ఒకచోట చేర్చి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2023లో తెచ్చిన సమీక్ష కూడా, కొద్దికాలం వాడి చూసిన అధ్యయనాల్లో, కంప్యూటర్ ముందు కళ్ల అలసట మామూలు లెన్సులతో కంటే ఈ లెన్సులతో ఎక్కువగా తగ్గుతుందని చెప్పడానికి ఆధారం కనపడలేదని తేల్చింది. కొన్ని ప్యాకేజీల్లో బ్లూ కట్ ఎలాగూ కలిసే వస్తుంది, అలా వస్తే నష్టం లేదు. 1.6 మామూలు కోటింగ్‌కూ 1.67 బ్లూ కట్‌కూ మధ్య 2,900 తేడాలో బ్లూ కట్ వాటా ఎంతో విడిగా అడగండి, అప్పుడు అసలు బేరం తెలుస్తుంది.

వైజాగ్‌లో కోటింగ్‌ను తొందరగా పాడుచేసేవి రెండు. ఒకటి ఉప్పుగాలి. లెన్సు మీద ఎండిన ఉప్పు రేణువుల్ని చున్నీతో తుడిస్తే గీతలు పడటం ఖాయం. ముందు కుళాయి నీళ్లతో కడిగి ఆ తర్వాత తుడవండి. రెండోది ఎండ. కారు డాష్‌బోర్డు మీదో, స్కూటర్ డిక్కీలోనో మధ్యాహ్నం అంతా ఉంచితే పొర మీద సాలెగూడులాంటి పగుళ్లు వస్తాయి. దానికి తుడిచే మందేమీ లేదు, లెన్సు మార్చాల్సిందే. కోటింగ్ వారంటీ ఎన్ని నెలలో, పగుళ్లకు వర్తిస్తుందో లేదో బిల్లు మీద రాయించుకోండి. బిల్లులో జీఎస్టీ కూడా చూసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి లెన్సులకూ, ఫ్రేములకూ 5 శాతమే.

మీ పవర్‌కు ఆన్‌లైన్ విషయంలో ఇంకో సంగతి ఉంది. పీడీ 2 మిల్లీమీటర్లు తప్పితే -1.50 పవర్ ఉన్నవాళ్లకు తేడా పెద్దగా తెలియదు, రెండు కళ్లకూ కలిపి 0.3 ప్రిజం, అంటే చూపును పక్కకు లాగే వంపు, మాత్రమే వస్తుంది. మీ -5.50కి అదే తప్పు 1.1 ప్రిజం అవుతుంది. కళ్లు లాగినట్టు ఉండటం, తలనొప్పి, నేల వంగినట్టు అనిపించడం మొదలవుతాయి. ఫోను కెమెరాతో కొలిచే యాప్‌ల మీద మీరు ఆధారపడొద్దు. మీ కంటి పరీక్షలో ముందుగా యంత్రం ముందు గడ్డం పెట్టించి, చిన్న కాగితం చీటీ తీశారు కదా, చాలాసార్లు దాని అడుగున PD అని ఒక అంకె ఉంటుంది. అది థర్మల్ కాగితం, కొన్నాళ్లకు చెరిగిపోతుంది, ఇప్పుడే ఫోటో తీసి పెట్టుకోండి.

అదే పవర్ -2 ఉన్న మీ తమ్ముడో చెల్లో అడిగి ఉంటే జవాబు వేరు. వాళ్లకు చిన్న ఫ్రేములో 1.56కీ 1.67కీ మధ్య అంచు తేడా 0.2 మిల్లీమీటర్లే. లెన్సు అంతా ఒకే పవర్ ఉండే సింగిల్ విజన్, మామూలు 1.56, పీడీ చేతిలో ఉంది, కొత్త ఫ్రేము ఎలాగూ కొనాలి, ఇలాంటప్పుడు ఆన్‌లైన్‌దే చవక. రెండో జత, ఆఫీసులో పెట్టుకునే జత కూడా అక్కడే కొనుక్కోవచ్చు. ఆన్‌లైన్‌లో మొదట కనిపించే ధరను మాత్రం పోల్చకండి, లెన్సు ఎంచుకుని, డెలివరీ కలిసి, డబ్బు కట్టే పేజీలో వచ్చే మొత్తాన్నే షాపు మొత్తంతో పక్కపక్కన పెట్టండి.

ప్రశ్న: నాన్నగారికి ప్రోగ్రెసివ్ లెన్సులు రాశారు. షాపు ధరలో సగానికే ఆన్‌లైన్‌లో ఉన్నాయి. తీసుకోవచ్చా? - గాజువాక నుంచి ఒక పాఠకుడు

జవాబు: చీటీలో పవర్, పీడీ పంపి తెప్పించుకునేట్టయితే వద్దు. ప్రోగ్రెసివ్‌లో దూరం చూసే చోటు, చదివే చోటు ఒకదాని కింద ఒకటి ఉంటాయి. ఫ్రేము ముఖానికి పెట్టి, ముక్కు ప్యాడ్లు సరిచేసి, ఆయన మామూలుగా ఎదురుగా చూస్తుండగా కంటిపాప ఎత్తును లెన్సు మీద మార్కర్‌తో గుర్తుపెట్టాలి. ఆ ఎత్తు చీటీలో ఉండదు. అది తప్పితే మెట్లు దిగేటప్పుడు తల వంచి వెతుక్కోవాల్సి వస్తుంది. సైటువాళ్లే ఇంటికి మనిషిని పంపి ఈ కొలత తీసుకుంటే, సరిపోకపోతే లెన్సులు మళ్లీ చేసిస్తామని రాసిస్తే అప్పుడు ఆలోచించండి. పేపరు చదవడానికి మాత్రమే వేరే జత కావాలంటే, ఆ రీడింగ్ కళ్లజోడు నిశ్చింతగా ఆన్‌లైన్‌లో తెప్పించండి. పీడీ మాత్రం దగ్గర చూపుది పంపాలి, దూరం చూపు పీడీ కంటే అది మామూలుగా 3 మిల్లీమీటర్ల దాకా తక్కువ ఉంటుంది.