రిటైర్మెంట్ సభలో చిన్న కృతజ్ఞతా ప్రార్థన ఎలా చెప్పాలి?

"మా అమ్మ కోనసీమలో హైస్కూల్ టీచర్. ఈ నెలాఖరుకి రిటైర్ అవుతున్నారు. సభలో ఉపన్యాసం బదులు చిన్న ప్రార్థన చెప్తానంటున్నారు. పిల్లల్లో హిందువులు, క్రైస్తవులు, ముస్లింలు అందరూ ఉన్నారు. ఎలా రాయాలి?"

నేనూ లంక గ్రామాల వైపు బళ్ళలో తెలుగు చెప్పి రిటైరైనవాణ్ణే. మా సభలో నేనూ ప్రార్థనే చెప్పాను.

ముందు పిలుపు తేల్చుకోమనండి. "ప్రభూ" అంటే చర్చి గుర్తొస్తుంది, "స్వామీ" అంటే గుడి. "దేవా" అంటే ఎవరికీ పరాయిగా ఉండదు. చివర ఏ మతం ముగింపూ వద్దు, నమస్కారం పెట్టి ఊరుకుంటే చాలు.

ఇక ఎక్కువమంది దారి తప్పేది మధ్యలో. దేవుడితో మొదలుపెట్టి, రెండో వాక్యానికే "హెడ్మాస్టర్ గారికి ధన్యవాదాలు" అని సభ వైపు తిరుగుతారు. అక్కడితో అది ఉపన్యాసం అయిపోతుంది. మనుషులకి థాంక్స్ చెప్పడం కాదు, ఆ మనుషుల్ని ఇచ్చినందుకు దేవుడికి చెప్పాలి. పేర్లు కూడా వద్దు. ఒక్క పేరు మర్చిపోతే ఆ మనిషి భోజనాల దాకా ముభావంగానే ఉంటారు. పేరు బదులు వాళ్ళు చేసిన పని చెప్తే ఎవరి సంగతో వాళ్ళకే తెలుస్తుంది.

నేను చెప్పింది దాదాపు ఇది:

"దేవా, ఈ బడి నీడన నన్ను ఇన్నాళ్ళు ఉంచావు. వరదకి కాజ్‌వే మునిగితే పడవెక్కి వచ్చిన పిల్లల్ని ఇచ్చావు. నాకు జ్వరమొస్తే నా పీరియడ్ కూడా చెప్పిన తోటి మాస్టార్లని ఇచ్చావు. నాకంటే ముందే వచ్చి గదులు ఊడ్చిన ఆయాని, మధ్యాహ్నం అన్నం వండిపెట్టిన తల్లుల్ని ఇచ్చావు. నేను కోప్పడ్డ పిల్లలు కూడా ఇవాళ వచ్చారు, ఆ మనసూ నువ్విచ్చిందే. మాతో పనిచేసి వెళ్ళిపోయినవాళ్ళని నీ దగ్గర చల్లగా చూసుకో. రేపు నా క్లాసుకి వచ్చేవారికి ఓపిక ఇవ్వు. ఈ పిల్లల్ని క్షేమంగా ఒడ్డు చేర్చు."

నిదానంగా చదివినా నిమిషం దాటి ఎంతో పట్టదు. అమ్మగారు వరద, పడవ తీసేసి తన బడిలో జరిగినవి పెట్టుకోవాలి. "జ్ఞానజ్యోతి", "విద్యాకుసుమాలు" లాంటివి సన్మానపత్రంలో ఎలాగూ ఉంటాయి, ఇక్కడ వద్దు.

గొంతు పట్టేసేది పోయినవాళ్ళ వాక్యం దగ్గరే. దాన్ని చివర పెడితే ఆ తర్వాత మాట రాదు. అందుకే దాని వెనక రెండు మామూలు కోరికలు ఉంచాను. బాగా తెలిసిన మాటలే అయినా కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసుకోమనండి, కళ్ళలో నీళ్ళు తిరిగితే చిన్నవి కనపడవు.

మైకుకి స్టాండ్ పెట్టించండి. ఒక చేత్తో మైకు, ఇంకో చేత్తో కాగితం ఉంటే నమస్కారం పెట్టడం కుదరదు. ప్రార్థన శాలువాల కంటే ముందే పెట్టమని సభ నడిపే మాస్టారికి చెప్పండి. శాలువాలు మొదలైతే ఫొటోల హడావుడి తప్ప ఇంకేమీ వినపడదు, ఈలోపు పిల్లలు భోజనాల వైపు చూస్తుంటారు.