ఫొటో వేరేచోట దొరికితే మోసం రుజువైనట్టేనా?

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లిలో పెట్టుబడికని ఇన్‌స్టాగ్రామ్‌లో ఒక పేజీ వాళ్ల దగ్గర ఎనిమిది మంగళగిరి పట్టు చీరలు మాట్లాడుకున్నాను. "మా సొంత మగ్గాల మీద నేసినవి" అన్నారు. యూపీఐలో 6 వేలు అడ్వాన్సు పంపాను. మిగతా 18 వేలు వేస్తేనే పార్శిల్ అంటున్నారు. మా అబ్బాయి ఆ ఫొటోను గూగుల్‌లో వెతికితే అదే చీర మంగళగిరిలోని ఒక షాపు వెబ్‌సైట్‌లో కనిపించింది. అడిగితే "వాళ్లే మా ఫొటో ఎత్తుకెళ్లారు" అంటున్నారు. దీన్ని పట్టుకుని కేసు పెట్టొచ్చా? వాళ్లు దొంగలని ఫేస్‌బుక్‌లో రాయొచ్చా?
– ఒక పాఠకురాలు, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ముందు ఆ 18 వేలు ఆపండి. తర్వాత, మీ అబ్బాయి చూసింది అదే ఫొటోనా, అలాంటి చీర ఉన్న ఇంకో ఫొటోనా అన్నది తేల్చుకోండి. ఫోన్లో గూగుల్ లెన్స్‌తో వెతికితే ముందుగా వచ్చేవి పోలికలున్న బొమ్మలు. నిజాం అంచున్న మంగళగిరి చీరలు ఒకే రంగులో వందల షాపుల్లో ఉంటాయి కాబట్టి చీర కలిసినంత మాత్రాన ఏమీ తేలదు. కంప్యూటర్లో images.google.com తెరిచి, కెమెరా గుర్తు నొక్కి ఫొటో ఎక్కించండి. ఫలితాల్లో Exact matches అని కనిపిస్తే అది చూడండి. స్క్రీన్‌షాట్‌ను ఉన్నదున్నట్టు ఎక్కించకండి. చుట్టూ ఉన్న పేజీ పేరు, లైకుల గుర్తులు తీసేసి చీర ఫొటో వరకే కత్తిరించి పెట్టండి.

తర్వాత రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి చీరను వదిలేసి మిగతావి చూడండి. మడత దగ్గర పడిన ముడత, వెనక గోడ మీది నీడ, కుచ్చు నుంచి వేలాడే దారప్పోగు, కింద టైల్స్ గీత. నేత రెండు చీరల్లో ఒకటే ఉండొచ్చు గానీ ఇవన్నీ రెండు వేర్వేరు ఫొటోల్లో ఒక్కలా పడవు. ఇవి కలిస్తే ఫొటో ఒకటే.

ఇక ఎవరిది ముందు అన్న ప్రశ్న. చాలామంది ఇక్కడే పొరబడతారు, ఫలితాల్లో పైన వచ్చిన వెబ్‌సైటే అసలు యజమాని అనుకుంటారు. నా దగ్గరికి వచ్చిన ఒక నేత కార్మికుడి విషయంలో జరిగింది సరిగ్గా దీనికి తిరగబడ్డ కథ. ఆయన చీర ఫొటోను ఒక పెద్ద షాపు తన వెబ్‌సైట్‌లో పెట్టుకుంది. గూగుల్‌లో ఆ షాపే ముందు కనిపించేసరికి కొనేవాళ్లు ఈయన్ని దొంగ అన్నారు. ఆయన్ని కాపాడింది ఫోన్లో ఉన్న అసలు ఫొటో. షాపు బొమ్మలో చీర పల్లూ దగ్గరే ఆగిపోయింది. ఆయన ఫొటోలో పల్లూ దాటి మగ్గం కర్ర, కిటికీ అంచు కూడా ఉన్నాయి. కత్తిరించిన బొమ్మలో లేని భాగం కాపీ కొట్టినవాళ్లకు దొరకదు. అందుకే ఏ ఫొటోలో అంచుల దగ్గర ఎక్కువ కనిపిస్తోందో, ఏది పెద్ద సైజులో, చెదరకుండా ఉందో అది అసలుకు దగ్గరిదని అనుకోవచ్చు.

tineye.com లో కూడా వెతికి, ఫలితాలను Oldest వరసలో పెట్టి చూడండి. అయితే అక్కడ కనిపించే తేదీ ఆ ఫొటోను వాళ్ల యంత్రం మొదటిసారి చూసిన రోజు. ఎవరో దాన్ని మొదట పెట్టిన రోజు కాదు. పైగా వాట్సాప్ కేటలాగులు, ప్రైవేటు ఖాతాలు ఇలాంటి వెతుకులాటకు అందవు. కాబట్టి ఎక్కడా దొరకలేదంటే ఫొటో సొంతదేనని అర్థం కాదు.

చట్టం మాటకొస్తే, ఫొటో కాజేయడం వేరు, మిమ్మల్ని మోసం చేయడం వేరు. అనుమతి లేకుండా ఫొటో వాడుకుంటే అది కాపీరైటు వివాదం. దానిమీద అడగాల్సింది ఆ ఫొటో హక్కుదారు, మీరు కాదు. చీరల రీసెల్లింగ్ చేసే ఆడవాళ్లు ఎందరో షాపువాళ్లిచ్చిన ఫొటోలే పెట్టి నిజాయితీగా వ్యాపారం చేస్తున్నారు. ఫొటో వేరేచోట ఉందని వాళ్లందర్నీ మోసగాళ్లనలేం. మీ విషయంలో పట్టు దొరికేది ఆ "సొంత మగ్గాలు" అన్న మాట దగ్గర. ఫొటో షాపుదని తేలితే, అది తమ మగ్గం మీద నేసిన చీర అని చెప్పింది అబద్ధమని తేలినట్టే. ఆ అబద్ధం చెప్పి, డబ్బు తీసుకునే నాటికే చీర ఇచ్చే ఉద్దేశం లేదని చూపగలిగితే భారతీయ న్యాయ సంహిత 318వ సెక్షన్ కింద మోసం అవుతుంది. ఐటీ చట్టం 66డి కూడా పెట్టమని కొందరు సలహా ఇస్తారు. వాళ్లు ఆ షాపు పేరు చెప్పుకుని, ఆ షాపువాళ్లమే అన్నట్టు నమ్మిస్తేనే అది బలంగా నిలుస్తుంది. వాళ్ల ఫొటో వాడినంత మాత్రాన సరిపోదు.

ఆ ఉద్దేశాన్ని బయటపెట్టే పరీక్ష ఒకటుంది. ఈరోజే మెసేజ్ పెట్టండి: "ఫొటోలోని చీరనే పల్లూ తిరగేసి, పక్కన ఇవాళ్టి పేపరు పెట్టి వీడియో కాల్‌లో చూపించండి." చీర చేతిలో ఉన్నవాళ్లకు ఇది ఐదు నిమిషాల పని. "స్టాకు గోడౌన్‌లో ఉంది, డబ్బు వేశాక చూపిస్తాం" అంటే ఆ జవాబును అలాగే ఉంచుకుని, అదేరోజు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. యూపీఐ లావాదేవీ నంబరు దగ్గర పెట్టుకోండి. ఎంత త్వరగా చేస్తే, ఆ డబ్బు ఇంకో ఖాతాకు మళ్లకముందే ఆపే వీలు అంత ఎక్కువ. cybercrime.gov.in లోనూ ఫిర్యాదు నమోదు చేయండి. వాళ్లు ఎక్కడివాళ్లో తెలియకపోయినా గుంటూరు స్టేషన్లోనే ఫిర్యాదు ఇవ్వొచ్చు. తమ పరిధి కాదని కాదనకుండా, నేరం కనబడితే జీరో ఎఫ్ఐఆర్ నమోదు చేసి సంబంధిత స్టేషన్‌కు పంపాలి.

సాక్ష్యం సంగతి. వెతికినప్పుడు వచ్చిన ఫలితాలు రేపటికి మారిపోవచ్చు, పేజీ పేరు కూడా మార్చేయొచ్చు. అందుకని వెబ్ చిరునామా, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీయండి. చాట్ చెరపకండి, ఫోన్ రీసెట్ చేయకండి. కోర్టులో వీటిని పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అందులో మొదటి భాగం మీరు, రెండో భాగం నిపుణుడు నింపుతారు. ఫైలు మారలేదని చూపే హ్యాష్ విలువ కూడా రాయాలి. ఇది మీ వకీలు దగ్గరుండి చేయించే పని.

కానీ వీటన్నిటికంటే గట్టి సాక్ష్యం మీకు దగ్గర్లోనే ఉంది. బస్సెక్కి మంగళగిరి వెళ్లి ఆ షాపు యజమానిని కలవండి. ఫొటో ఎవరు తీశారు, అసలు ఫైలు ఉందా, ఆ పేజీవాళ్లకు సరుకు గానీ ఫొటోలు గానీ ఇస్తున్నారా అని అడగండి. "ఈ ఫొటో మాది, ఆ పేజీతో మాకు సంబంధం లేదు" అని ఆయన సంతకంతో కాగితం ఇచ్చి, అవసరమైతే సాక్షిగా వస్తానంటే మీ ఫిర్యాదుకు ప్రాణం వస్తుంది. ఒకవేళ "వాళ్లు మా దగ్గరే కొంటారు" అన్నారనుకోండి, మీ అనుమానం చాలావరకు తీరినట్టే. అప్పుడు సొంత మగ్గాలన్న గొప్ప సంగతి పక్కనపెట్టి, చీరలు పంపుతారా, అడ్వాన్సు తిరిగిస్తారా అన్నదే అడగండి.

ఫేస్‌బుక్‌లో "దొంగలు" అని మాత్రం రాయకండి. భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద పరువునష్టం కేసు మీ మీదికే రావొచ్చు. ఏ తేదీన ఎంత పంపారు, చీర వచ్చిందా లేదా, ఆ ఫొటో ఇంకెక్కడ కనిపించింది, వీడియో కాల్ అడిగితే ఏమన్నారు – ఇంతవరకు, చేతిలో రుజువున్నంతవరకే రాయండి.