మెథోట్రెక్సేట్ పాంప్లెట్‌ను అవ్వకు చదివి వినిపిస్తే తేలిన సంగతి

ప్రశ్న: మా అమ్మకు కీళ్లవాతం. మెథోట్రెక్సేట్ రాసి, ఆసుపత్రిలో ఒక తెలుగు పాంప్లెట్ చేతిలో పెట్టారు. అది అందరికీ అర్థమయ్యేలా ఉందో లేదో, జాగ్రత్తలన్నీ ఉన్నాయో లేదో ఎట్లా చూసుకోవాలి? కొలవడానికి ఏమైనా లెక్కలున్నాయా?

జవాబు:

లెక్కలున్నాయి గానీ మన తెలుగుకు పనికిరావు. ఫ్లెష్ లాంటి ఇంగ్లీషు సూత్రాలు వాక్యంలో ఎన్ని మాటలున్నాయి, ఒక్కో మాటకు ఎన్ని పలుకులున్నాయి అని చూసి మార్కు వేస్తాయి. ఆ లెక్కన 'వేసుకోవాలనుకుంటే' కష్టమైన మాట, 'క్షీణత' సులువైన మాట. ఇక చెప్పేదేముంది! యూరప్‌లో మందు పెట్టెలో పెట్టే కాగితాన్ని మామూలు మనుషుల చేతికిచ్చి ప్రశ్నలు అడుగుతారు. నూటికి 90 మందికి సమాధానం ఉన్న చోటు దొరకాలి, దొరికినవాళ్లలో 90 శాతం మందికి అది అర్థం కావాలి. నాకు నచ్చిన పద్ధతి అదే.

నేను హనుమకొండలో ఫార్మసిస్టును. పరకాల వైపు నుంచి ఒక అవ్వ మీ అమ్మగారికి రాసిన మందే కొనడానికి వచ్చింది, చేతిలో ఆసుపత్రివాళ్లిచ్చిన పాంప్లెట్. పదో తరగతి చదివే మనవరాలితో దాన్ని పైకి చదివించి, "ఎట్ల ఏసుకుంటవ్ అవ్వా?" అని అడిగిన.

"వారానికి మూడు అని రాసిండ్రు గద బిడ్డా. దినం తప్పి దినం ఒక్కటి ఏసుకుంట."

కాగితంలో ఉన్నది 'వారానికి 7.5 మి.గ్రా. (3 మాత్రలు)' అని. 2.5 మి.గ్రా. మాత్రలు మూడూ ఒకే రోజు వేసుకోవాలి, మళ్లీ వారం దాకా ముట్టొద్దు. ఆ ముక్కే కాగితంలో లేదు. పైగా వెనక పేజీలో 'మందులు ప్రతిరోజూ ఒకే సమయానికి వాడండి' అని ఉంది. షుగరు, బీపీ కాగితం నుంచి తెచ్చి అతికించినట్టున్నారు. ఈ మందు రోజూ వేసుకుంటే ఎముక మూలుగలో రక్తం తయారవడం ఆగిపోతుంది, తెల్ల కణాలు పడిపోతాయి, ప్రాణం పోయిన కేసులు కూడా ఉన్నాయి. అవ్వకు దీనితో పాటు ఫోలిక్ యాసిడ్ కూడా రాశారు. రెండూ చిన్న పసుపు గోళీలే. ఏది వారం మందో, ఏది మిగతా రోజులదో కాగితం చూసి చెప్పలేం.

రెండో ప్రశ్న, "నోట్లో పూత లేస్తే ఏం చేస్తవ్?" అని.

"మా ఊరి ఆర్‌ఎంపీ దగ్గరికి పోత. బీ కాంప్లెక్స్ ఇస్తడు."

అవ్వ తప్పేం లేదు. కాగితంలో నోటిపూతను జుట్టు రాలడం, వికారంతో పాటు 'సాధారణ దుష్ప్రభావాలు' కింద ఒక్క వరుసలో కలిపేశారు. ఈ మందు ఒంట్లో ఎక్కువైపోతే మొదట కనిపించే గుర్తుల్లో నోటిపూత ఒకటి. అప్పుడు తర్వాతి డోసు ఆపి వెంటనే డాక్టరుకు చూపించి రక్తపరీక్ష చేయించాలి. జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద ఊరికే నల్ల మచ్చలు, పొడి దగ్గుతో ఆయాసం వచ్చినా అంతే. ఏ గుర్తు కనిపిస్తే ఏం చేయాలో చెప్పకుండా రోగాల పేర్లు మాత్రం రాస్తే అది జాగ్రత్త చెప్పినట్టు కాదు. 'అస్థిమజ్జ అణచివేత సంభవించవచ్చు' అని ఒక వాక్యం ఉంది. పదో తరగతి పిల్లే దాన్ని రెండుసార్లు కూడబలుక్కుంది.

అసలే లేని జాగ్రత్త ఇంకొకటి. మూత్రంలో మంట అనగానే మన దగ్గర చాలామంది సెప్ట్రాన్ రకం గోళీలు ఇచ్చేస్తారు. మెథోట్రెక్సేట్ మీద అది పడితే రక్తకణాలు ప్రమాదకరంగా తగ్గుతాయి. నొప్పి గోళీలు కూడా అడగకుండా వేసుకోవద్దు. గర్భం రాకుండా చూసుకోవాలని, సారా మానాలని కాగితంలో ఉంది, అంతవరకు మేలు. డోసు మరిచిపోతే ఏం చేయాలో మాత్రం లేదు. రెండు రోజుల లోపు గుర్తొస్తే వేసుకోవచ్చు, దాటితే ఆ వారానిది వదిలేయాలి, రెండు డోసులు కలిపి వేసుకోకూడదు.

ఇన్ని రాయడానికి చోటు లేదంటారు. ముందు పేజీలో పావు వంతు ఆసుపత్రి చైర్మన్ ఫొటో, అక్షరాలేమో చీమ తలకాయంత. ఆ ఫొటో చోట 'ప్రతి గురువారం మూడు, మిగతా రోజుల్లో ఒక్కటీ వద్దు' అని పెద్దగా వేయొచ్చు కదా!

మీ అమ్మగారి కాగితంలో వారం పేరు కోసం చూడండి. లేకపోతే డాక్టరును అడిగి, మాత్రల షీటు మీదే పెన్నుతో రాయండి. తర్వాత అమ్మనే అడగండి, ఎప్పుడు, ఎన్ని, నోటిపూత వస్తే ఏం చేస్తావు అని. కాగితం చివరన ఉన్న ఫోన్ నంబరుకు కూడా ఒకసారి చేసి చూడండి. అవ్వ కాగితంలోని నంబరుకు నేను చేస్తే రిసెప్షన్‌లో ఎవరో ఎత్తి, "ఓపీ టైంలో రండి" అని పెట్టేశారు.