బిల్లింగ్ కౌంటర్ పక్కన మూగ టీవీకి స్క్రిప్టు

తమ్ముడూ,

చీరల షాపు బిల్లింగ్ కౌంటర్ పక్కన టీవీలో సౌండ్ లేకుండా రోజంతా మళ్లీ మళ్లీ తిరిగే వీడియోకి నువ్వు రాసిన స్క్రిప్టు చదివాను. "పెళ్లి చీర కొన్నారా?" అని మొదలై, అద్దం ముందు అమ్మాయి, నవ్వు, చీర కుచ్చిళ్లు దాటుకుని చిట్టచివర "ఫాల్, పికో ఇక్కడే చేస్తాం" అంటుంది. టీవీ యాడ్‌కైతే బాగుండేది. కౌంటర్ దగ్గర నిలబడ్డవాళ్లు వీడియో మొదట్లోనే రారు, చివరిదాకా ఉండరు. బిల్లు చూసుకుంటూ, క్యూఆర్ కోడ్ స్కాన్ చేస్తూ మధ్యలో ఒకసారి తలెత్తుతారు. అప్పుడు ప్రశ్న కనబడితే, జవాబు వచ్చేసరికి సంచీ పట్టుకుని వెళ్లిపోయి ఉంటారు.

అందుకే కథగా కాకుండా ముక్కలుగా రాయి. ఒక్కో ముక్క ఎనిమిది, పది సెకన్లు. అందులో ఒకటే సంగతి. ఫాల్ ముక్కనే తీసుకో. చీర అంచు లోపలివైపు ఫాల్ బట్ట పెడుతున్న చేతులు, మిషన్ మీద అంచు కదలడం, మడత పెట్టిన చీర: మూడు షాట్లు. షాట్లు మారినా "ఫాల్, పికో ఇక్కడే" అన్న అక్షరాలు మొదటి క్షణం నుంచి చివరిదాకా కదలకుండా ఉండాలి. ఎప్పుడు తలెత్తినా అదే కనబడాలి.

"రేపటికి రెడీ" అని మాత్రం రాయకు. పెళ్లిళ్ల సీజన్‌లో టైలర్ ఆ మాట నిలబెట్టుకోలేడు, గొడవ బిల్లు వేసే అమ్మాయి మీద పడుతుంది. "ఇచ్చే తేదీ రసీదు మీద రాస్తాం" చాలు. ధరలు చెప్పాల్సి వస్తే విడి ముక్కలో పెట్టు, మారినప్పుడు అదొక్కటే మార్చుకోవచ్చు.

నీ స్క్రిప్టులో యాంకర్ మాట్లాడుతుంది. సౌండ్ లేని తెర మీద పెదవులు కదిలితే టీవీ పాడైందనుకుంటారు. మనిషి కావాలంటే పని చేస్తూ కనబడనీ.

జరీ మీద అక్షరాలు వేస్తే ఏమీ కనబడదు. వెనకాల సాదా రంగు పట్టీ వేయించు. మన లిపిలో వత్తులు కిందికి దిగుతాయి కాబట్టి వరుసల మధ్య జాగా ఎక్కువ వదలమని ఎడిటర్‌కి స్క్రిప్టులోనే రాసివ్వు. తెర అడుగు భాగం ఖాళీగా ఉంచమను, అక్కడ ముందు నిలబడ్డవాళ్ల తలలు అడ్డొస్తాయి. ఒకసారి షాపుకి వెళ్లి, కొనేవాళ్లు నిలబడే చోటే నిలబడి చదివి చూడు. ల్యాప్‌టాప్ మీద చూస్తే ఇవేవీ తెలియవు.

ముక్కలన్నీ కలిపి ఒకే ఫైలుగా చేయించు. విడివిడిగా పెన్‌డ్రైవ్‌లో వేస్తే చాలా టీవీలు ఫైలు మారేటప్పుడు నల్లతెరో ఫైలు పేరో చూపిస్తాయి. చివరి ముక్క తర్వాత లోగో, "ధన్యవాదాలు" వద్దు. నేరుగా మొదటి ముక్కలోకి వెళ్లిపోవాలి. లోగో ఒక మూల ఎప్పుడూ ఉంటే సరిపోతుంది. మొత్తం నిడివి మరీ అర నిమిషానికి కుదించకు. కొనేవాళ్లు ఒకసారి చూస్తారు గానీ క్యాషియర్ రోజంతా దాని పక్కనే కూర్చోవాలి, పాపం.

ముందు ఫాల్ ముక్క ఒక్కటి తిరగరాసి పంపు.

మీ అన్నయ్య