చివరి వాయిదా కట్టాక చిట్టీ డబ్బు తెచ్చుకోవడం

చి. రాధకు, బాబాయి ఆశీస్సులు.

చివరి వాయిదా కట్టేసినా చిట్టీ డబ్బు ఇంకా చేతికి రాలేదని నిన్న ఫోన్‌లో చెప్తుంటే, నీ గొంతు విని నాకూ నిద్ర పట్టలేదు. ఇరవై రెండేళ్లు చిట్‌ఫండ్ ఆఫీసులో లెక్కలు రాసినవాణ్ణి, నీ డబ్బు సంగతి నోటిమాటతో వదలడం ఇష్టంలేక ఇది రాస్తున్నాను.

ముందు నీకు రావలసింది ఎంతో తేల్చుకో. 5 లక్షల చిట్టీ, 25 మంది, 25 నెలలు. నువ్వు మధ్యలో పాట పాడలేదు కాబట్టి చివరి చిట్టీ నీదే. డివిడెండ్ పోను నువ్వు కట్టింది 4,31,200. మేనేజరు ‘మీరు కట్టినంతా ఇచ్చేస్తాం’ అన్నాడన్నావు. అది తప్పు లెక్కమ్మా. చివరిదాకా ఆగినవాళ్లకు చిట్టీ మొత్తంలో కమిషన్ పోగా మిగిలింది ఇవ్వాలి. మీ అగ్రిమెంట్‌లో కమిషన్ 5 శాతం, అంటే 25,000. దాని మీద 18 శాతం జీఎస్టీ 4,500, అది నీ మీదే వేసినట్టు రాసి ఉంటే. రెండూ తీసేస్తే 4,70,500. ఆయన మాటకు తల ఊపితే 39,300 పోయినట్టే.

ఇంకొకటి, షూరిటీ కాగితాలు అడిగాడన్నావు. షూరిటీ ఇచ్చేది పాడుకున్న తర్వాత కట్టాల్సిన వాయిదాల కోసం. నువ్వు కట్టాల్సినవి ఏమీ మిగల్లేదు కదా! ఇక జామీను దేనికి? ‘ఏ వాయిదాకు షూరిటీ అడుగుతున్నారో రాసివ్వండి’ అని అడుగు. రాసివ్వరు.

ఇప్పుడు పాస్‌బుక్ ముందేసుకుని కూర్చో. వాయిదా నంబరు, తేదీ, డివిడెండ్, కట్టిన మొత్తం, రసీదు నంబరు, సంతకం, ఇవి 25 వరుసల్లోనూ ఉండాలి. నువ్వు పంపిన ఫొటోలో 17వ నెల చూశాను. అంకె ఉంది, రసీదు నంబరు లేదు, పక్కన పొట్టి సంతకం కూడా లేదు. ఆ నెల కలెక్షన్ కుర్రాడి ఫోన్ నంబరుకు డబ్బు పంపానన్నావు. ఆఫీసు లెడ్జర్‌లో అది ఎక్కకపోతే ‘ఒక వాయిదా బాకీ’ అంటారు, ఆ సాకుతో మొత్తం ఆపుతారు. బ్యాంక్ స్టేట్‌మెంట్‌లో ఆ తేదీ పేజీ ప్రింట్ తీయించు, అతను ‘అందింది’ అని పెట్టిన మెసేజ్ ఉంటే దాన్నీ దాచు. తర్వాత ఆఫీసులో నీ ఖాతా లెక్క కాపీ అడిగి, పాస్‌బుక్‌తో వరుసకు వరుస సరిచూడు.

పాస్‌బుక్ అసలు కాగితం మాత్రం డబ్బు చేతికి రాకుండా ఇవ్వకు. ‘క్లోజ్ చేయడానికి ఇచ్చి వెళ్లండి’ అంటారు. నేను పనిచేసిన చోట ఒక టీచరమ్మ అలాగే ఇచ్చి వెళ్లింది. నెల తర్వాత వస్తే పుస్తకం కనబడలేదన్నారు. జిరాక్స్ కూడా లేదు ఆవిడ దగ్గర. ఆరోజు ఆవిడ ముఖం ఇప్పటికీ కళ్లముందే ఉంది. అట్ట దగ్గర్నుంచి ప్రతి పేజీ జిరాక్స్ తీయించు. రెవెన్యూ స్టాంపు మీద ‘ముట్టింది’ అని సంతకం కూడా ముందే పెట్టకు. చెక్కు ఇస్తే రసీదులో చెక్కు నంబరు, తేదీ, ‘చెక్కు పాసైతేనే’ అన్న మాట రాయి.

తర్వాతి తేదీ వేసిన చెక్కిచ్చి ‘మేం చెప్పినప్పుడు వేయండి’ అంటే తేదీ రాగానే బ్యాంకులో వేసెయ్. చెక్కు మీద తేదీ నుంచి మూడు నెలలు దాటితే అది చెల్లదు. బౌన్స్ అయితే, బ్యాంకు తెలిపిన రోజు నుంచి 30 రోజుల్లోపు నోటీసు ఇవ్వాలి. అప్పుడు వెంటనే లాయరు దగ్గరికి వెళ్లాలి.

ఈ వారమే ఒక ఉత్తరం రాయి. గ్రూపు నంబరు, టికెట్ నంబరు, చివరి వాయిదా తేదీ, రావలసింది 4,70,500, పదిహేను రోజుల గడువు, ఇంతే. కాపీ మీద ఆఫీసు ముద్ర వేయించుకో, వేయకపోతే స్పీడ్ పోస్టులో పంపి రసీదు దాచుకో.

గడువు దాటితే చిట్స్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లు. రిజిస్టరైన చిట్టీకి 1982 చిట్‌ఫండ్ చట్టం 64వ సెక్షన్ కింద తగవు తీర్చేది అక్కడే, సివిల్ కోర్టు కాదు. మూడేళ్ల గడువు ఉంది, కానీ అంతదాకా ఆగొద్దు. గ్రూపు మొదలుపెట్టేముందు చిట్టీ నడిపే ఫోర్‌మన్ రిజిస్ట్రార్ దగ్గర సెక్యూరిటీ పెడతాడు. చందాదారుల బాకీలన్నీ తీరాయని తేలాకే దాన్ని విడిపించుకోగలడు. అందుకే అది విడిపించుకునేలోపు నీ ఫిర్యాదు అక్కడ ఫైలులో ఉండాలి. వాళ్లకు నొప్పి తగిలేది అక్కడే.

అగ్రిమెంట్ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో రేపే చూసి ఫోన్ చెయ్యి. లేకపోతే ఈ దారి పనిచేయదు, అప్పుడు పోలీసుల దగ్గరికి వెళ్లాల్సి ఉంటుంది. ఉంటే సోమవారం నేను కూడా వస్తాను, 17వ నెల కాగితాలు మర్చిపోకుండా తీసుకురా.

మీ బాబాయి