స్క్రీన్‌షాట్ ఉంది సరే, అందులో తేదీ ఏదీ?

ఆగస్టు వచ్చిందంటే చాలు, ఇండియాలో ఉండగానే అమెరికాలో గదికి అడ్వాన్సు కట్టి మోసపోయిన పిల్లలు ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. "అంకుల్, స్క్రీన్‌షాట్లన్నీ ఉన్నాయి" అంటారు ధీమాగా. పంపమంటే మాత్రం ఫిర్యాదుకు పనికొచ్చేది ఒక్కటీ ఉండదు.

మొన్న ఒకబ్బాయి సంగతే చూడండి. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో గది అన్నారు. ఓనర్ వాళ్ళ తమ్ముడి ఖాతా అని ఒక యూపీఐ ఐడీ ఇస్తే, వీళ్ళ నాన్న హైదరాబాద్ నుంచి నలభై వేలు పంపారు. దిగి వెళ్ళి చూస్తే ఆ ఇంట్లో వేరే కుటుంబం. తన దగ్గరున్న స్క్రీన్‌షాట్‌లో "డబ్బు ముట్టింది, తాళాలు వచ్చాక ఇస్తా" అన్న ముక్క ఒక్కటే కత్తిరించి ఉంది. పైన పేరు చూస్తే "రూమ్ అన్న". అది మనవాడు ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరు! నంబరు లేదు. తేదీ ఉండాల్సిన చోట Yesterday అని ఉంది. ఏ రోజుకు నిన్న?

వాట్సాప్‌లో పేరు మీద నొక్కితే నంబరు కనిపించే పేజీ వస్తుంది, ముందు దాన్ని తీయండి. తర్వాత మొదటి "హాయ్" దాకా పైకి వెళ్ళి, అక్కణ్ణుంచి వరసగా తీసుకుంటూ రండి. ఒక స్క్రీన్‌షాట్‌లోని చివరి మెసేజ్ తర్వాతి దాంట్లో మొదట మళ్ళీ కనిపించాలి. అప్పుడు మధ్యలో ఏదో దాచారన్న మాట రాదు. మీరు తిట్టిన తిట్లూ, "ప్లీజ్ అన్నా" అని బతిమాలినవీ ఉండనివ్వండి, సిగ్గుపడి తీసేయకండి. Today, Yesterday అని చూపించేవాటిని ఇప్పుడొకసారి తీసి, వారం పైనే ఆగి అసలు తేదీ పడ్డాక మళ్ళీ తీయండి. అవతలివాడు మెసేజ్‌లు డిలీట్ చేసే ప్రమాదం ఉంది కాబట్టి మొదటిసారి తీయడం వాయిదా వేయొద్దు. "పోలీసులకు చెప్తా" అని బెదిరించేది ఏమైనా ఉంటే ఇవన్నీ అయ్యాకే. Export chat నొక్కి మొత్తం సంభాషణను మీ మెయిల్‌కు కూడా పంపుకోండి.

ఈ అబ్బాయి కేసులో ఇంకో చిక్కు వచ్చింది. బ్యాంకు లెక్క ప్రకారం డబ్బు వెళ్ళింది ఆగస్టు 6 ఉదయం 7:40కి. "డబ్బు ముట్టింది" అన్న మెసేజ్ చూస్తే ఆగస్టు 5 రాత్రి 9:12 అని ఉంది. కట్టకముందే ముట్టినట్టు! జరిగిందేమిటంటే, వాట్సాప్ ఫోన్ ఉన్న ఊరి టైమునే చూపిస్తుంది. ఇర్వింగ్‌లో దిగాక తీసిన స్క్రీన్‌షాట్ కాబట్టి, వేసవిలో ఇండియాకు పదిన్నర గంటల వెనక ఉండే అక్కడి టైము పడింది. దీనికోసం ఫోన్ గడియారాన్ని మార్చి తీయకండి. చాటింగ్ టైములు అమెరికా సెంట్రల్‌వి, బ్యాంకు టైములు ఇండియావి అని ఫిర్యాదులో ఒక వాక్యం రాస్తే సరిపోతుంది.

ఇక గది ప్రకటన. ఫోన్ బ్రౌజర్‌లో కిందికి జరిపితే అడ్రస్ బార్ మాయమవుతుంది, ఉన్నా సైటు పేరు వరకే చూపిస్తుంది. అందుకే వీలైతే కంప్యూటర్‌లో తెరవండి. విండోస్‌లో Win+Shift+S కొట్టి చిన్న ముక్క కోయకుండా, అడ్రస్ బార్, కింద మూల తేదీ కనిపించేలా స్క్రీన్ మొత్తం తీయండి. నాకు ఇంకా నచ్చేది క్రోమ్‌లో Ctrl+P కొట్టి, Headers and footers టిక్ చేసి పీడీఎఫ్‌గా దాచడం. తేదీ, లింకు ప్రతి పేజీ మీదా అవే పడతాయి. పొడుగు లింకు అంచున తెగిపోవచ్చు కాబట్టి దాన్ని కాపీ చేసి విడిగా ఒక ఫైల్‌లో పెట్టుకోండి. ప్రకటన పెట్టినవాడి ప్రొఫైల్ లింకు కూడా అలాగే. పేరు, ఫొటో వాడు క్షణంలో మార్చేస్తాడు.

డబ్బు ఇండియా ఖాతా నుంచి పోయింది కాబట్టి ముందు ఇంట్లోవాళ్ళు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి, బ్యాంకుకూ చెప్పాలి. స్క్రీన్‌షాట్లు సర్దేదాకా ఆగక్కర్లేదు. cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టేటప్పుడు అవి జతచేయొచ్చు. ఇక్కడ ఎఫ్‌బీఐ వాళ్ళ ic3.gov లో అలా కాదు, వాళ్ళు ఆధారాలు తీసుకోరు. నంబర్లు, లింకులు, లావాదేవీ వివరాలు అన్నీ టైపు చేయాలి, స్క్రీన్‌షాట్లు మన దగ్గరే భద్రంగా ఉంచాలి. లింకులు విడిగా దాచమన్నది ఇందుకే. బొమ్మలోంచి చూసి ఎక్కిస్తే అక్షరాలు తప్పు పడొచ్చు.

ఊరి పోలీసులకు ఇచ్చేటప్పుడు ఎర్ర గీతలు, బాణాలు వేసిన కాపీ ఒకటి ఇవ్వండి, ఏమీ చేయని అసలుదీ ఇవ్వండి. వాట్సాప్‌లో ఫొటోలా పంపితే నాణ్యత తగ్గుతుంది, మెయిల్‌లోనో డాక్యుమెంట్‌గానో పంపండి. విచారించే అధికారి ఫోన్‌లో అసలు చాట్ చూపించమని అడగొచ్చు. అందుకని చాట్ తుడిచేయకండి. కొత్త సిమ్ వేసుకుని వాట్సాప్ నంబరు మార్చేటప్పుడో, కొత్త ఫోన్ కొన్నప్పుడో బ్యాకప్ సరిగ్గా దిగిందని చూసుకున్నాకే పాతదాన్ని వదలండి.