ఐదెకరాల వెంచర్ గీసే ముందు

చిరంజీవి రవికి, బాబాయి ఆశీస్సులు.

నువ్వు పంపిన నక్షా రెండు రోజులు బల్లమీద పెట్టుకుని చూశాను. అన్నయ్య సంపాదించిన ఐదెకరాలను ముక్కలుగా అమ్మేసుకోకుండా, పద్ధతిగా లేఅవుట్ చేసి మనవాళ్లూ నలుగురూ ఉండేలా చేయాలన్న నీ ఆలోచన నాకు నచ్చింది. నక్షా మాత్రం మళ్లీ గీయాలి. ఎందుకో వివరంగా రాస్తాను.

ముందు లెక్క చూడు. మన భూమి 660 అడుగుల పొడవు, 330 అడుగుల వెడల్పు, అంటే 24,200 గజాలు. నువ్వు 200 గజాల ప్లాట్లు 80 చూపించావు. అవే 16,000 గజాలు. పార్కుకు పది శాతం, అంటే 2,420 గజాలు వదలాలి. నీళ్ల ట్యాంకు, ట్రాన్స్‌ఫార్మరు, చిన్న సమావేశ మందిరం లాంటి ఉమ్మడి అవసరాలకు ఒక 600 గజాలు వేసుకో. ఇక రోడ్లకు మిగిలేది 5,180 గజాలు. ఇప్పుడు ఒక్క ప్లాటు సంగతి చూడు. ముందువైపు 30 అడుగులు, లోపలికి 60 అడుగులు. దాని ఎదుట ఉన్న 40 అడుగుల రోడ్డులో సగం ఆ ప్లాటు భాగమే అనుకుంటే, ప్రతి ప్లాటూ తనతోపాటు దాదాపు 67 గజాల రోడ్డును తెచ్చుకుంటుంది. ఎనభై ప్లాట్లకు అది 5,300 గజాలు దాటుతుంది. వీధులను కలిపే అడ్డరోడ్డు వేయకముందే నీ నక్షాలో స్థలం అయిపోయింది. అందుకే కాగితం మీద కొన్ని రోడ్లు నీకు తెలియకుండానే 33 అడుగులకు కుంచించుకుపోయాయి, స్కేలు పెట్టి కొలిచి చూడు. రోడ్లకు ముప్పై శాతం పోతుందని మొదటే ఒప్పుకుంటే ప్లాట్లకు సుమారు 13,900 గజాలు, అంటే 69 ప్లాట్లు వస్తాయి. మూలలు, వంకర చివరలు పోగా మరో నాలుగైదు తగ్గుతాయి. 64 అనుకుని ఖర్చులు వేసుకో. 80 అనుకుని ధర ఖాయం చేస్తే, కోత చివరికి పార్కు మీదో రోడ్డు మీదో పడుతుంది.

ఇది లెక్క తప్పు, సరిదిద్దుకోవచ్చు. నన్ను నిజంగా కలవరపెట్టింది నీళ్ల సంగతి.

మన భూమి వాయవ్యం నుంచి ఆగ్నేయానికి వాలి ఉంది. తూర్పు గట్టు వెంబడి చిన్న కాలువ ఉంది. చిన్నప్పుడు వర్షం వస్తే ఆగ్నేయపు మూలలో మోకాలి లోతు నీళ్లు నిలిచేవి, మీ నాన్నను అడుగు. నువ్వు ఊరికి దగ్గరని పంచాయతీ రోడ్డు నుంచి దారిని ఉత్తరపు మూలలో తీసుకున్నావు. పెద్ద రోడ్డును ఉత్తరపు హద్దు వెంట వేసి, దాని నుంచి వీధులను దక్షిణానికి దించి, అక్కడ ఆపేశావు. ప్రతి వీధి నీళ్లూ దక్షిణపు చివరకు వస్తాయి. అక్కడ వాటికి దారి లేదు. ఎదురుగా ఉన్న ప్లాటు గోడే వాటికి కట్ట అవుతుంది. ఆగ్నేయపు మూలలో నువ్వు నాలుగు ప్లాట్లు పెట్టావు, అవి ఇళ్లు కాదు, కుంటలు.

చేయవలసింది ఒక్కటే. ఆ పెద్ద రోడ్డును దక్షిణపు హద్దుకు మార్చు. వీధులు ఉత్తర దక్షిణాలుగానే ఉండనీ, అది మంచి నిర్ణయం. ప్లాట్లన్నీ తూర్పుకో పడమరకో ముఖం పెడతాయి, కొనేవాళ్లు ముందు అడిగేది అదే. అప్పుడు వీధుల పక్క కాలువలు తమ వాలులోనే దక్షిణానికి దిగి పెద్ద రోడ్డు డ్రెయిన్‌లో కలుస్తాయి, అది తూర్పుకు వాలి పార్కుకు, అక్కడి నుంచి కాలువకు చేరుతుంది. ఉత్తరపు చివర వీధులు మూసుకుపోకుండా రెండేసి వీధులను చిన్న అడ్డదారితో కలుపు. పైన చెప్పిన నాలుగైదు ప్లాట్లలో ఎక్కువ పోయేది దానికే. చెత్త బండి, అంబులెన్సు వెనక్కి నడుపుకుంటూ రాకుండా తిరిగి పోగలవు.

ఇక పార్కు. నువ్వు మూడు ముక్కలు చేశావు: ఒక త్రికోణం, రెండు పట్టీలు. నేను కూడా ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక లేఅవుట్‌లో సరిగ్గా ఇలాగే గీశాను. మొత్తం పది శాతం సరిపోయింది, ఆమోదమూ వచ్చింది. ఐదేళ్ల తర్వాత వెళ్లి చూస్తే ఒక పట్టీ పక్కింటివాళ్ల పార్కింగ్ అయింది, త్రికోణం చెత్తకుప్ప అయింది. ఇళ్ల వీపుల మధ్య ఉన్న స్థలాన్ని ఎవరూ చూడరు, ఎవరూ చూడని స్థలం ఎక్కువ రోజులు ఖాళీగా ఉండదు. ఆ పటం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధే. అందుకే 2,420 గజాలనూ ఒక్క ముక్కగా ఆగ్నేయంలో, కాలువను ఆనుకుని పెట్టు. రెండు వైపుల రోడ్డు ఉండాలి, ఎదుటి ఇళ్ల వాకిళ్లు దానివైపు తెరుచుకోవాలి. కాలువ 10 మీటర్ల లోపు వెడల్పుదే కాబట్టి గట్టు నుంచి 2 మీటర్లు ఎలాగూ వదలాలి, అక్కడ కానుగ చెట్లు వేయి.

పార్కులో సగాన్ని అడుగున్నర లోతుకు దించమంటాను. ఒక గట్టి వానలో 50 మిల్లీమీటర్లు పడితే, సగం ఇంకిపోయినా మన ఐదెకరాల నుంచి ఐదు లక్షల లీటర్ల నీరు కదులుతుంది. పార్కు మొత్తంలో పరిస్తే అది పదంగుళాల లోతు. సగంలో అడుగున్నర దించితే దాదాపు ఆ నీరంతా ఒకరోజు అక్కడ నిలిచి మెల్లగా భూమిలోకి దిగుతుంది. మిగిలిన రోజుల్లో పిల్లలు అక్కడే ఆడుకుంటారు. ఒక్క జాగ్రత్త: మురుగును ఇందులో కలపనివ్వకు. దాని గొట్టం వేరుగా ఉండాలి.

ట్యాంకు మాత్రం వాయవ్యపు ఎత్తులో పెట్టు. 64 ఇళ్లు, ఇంటికి ఐదుగురు, మనిషికి రోజుకు 135 లీటర్లు అనుకుంటే 43 వేల లీటర్లు కావాలి, 50 వేల లీటర్ల ట్యాంకు సరిపోతుంది.

రోడ్డు మట్టాన్ని ప్లాట్ల మట్టం కన్నా అడుగు దిగువన ఉంచు. ప్రతి మరమ్మతుకూ పాత పొర మీద కొత్త పొర వేస్తారు, కొన్నేళ్లకు రోడ్డు ఎత్తు పెరిగి వాకిలి గుంటలో పడుతుంది. మరమ్మతు చేసేటప్పుడు పాత పొరను గీకి తీయమని మొదటి ఒప్పందంలోనే రాయించు.

నేను చెప్పిన వాలులన్నీ కంటి అంచనా, వాటిని నమ్మి గీయకు. సర్వేయరును పిలిచి 50 అడుగులకొక చోట నేల ఎత్తు కొలిచి లెవెల్ తీయించు. డ్రెయిన్‌కు 200 అడుగులకు కనీసం ఒక అడుగు వాలు దొరుకుతుందో లేదో అప్పుడు తెలుస్తుంది. దొరకని చోట మట్టి పోసి రోడ్డు ఎత్తే ఖర్చు ముందే లెక్కలోకి వస్తుంది. తహసీల్దారు కార్యాలయం నుంచి గ్రామ నక్షా, మన భూమి హద్దుల కొలతలు చూపే టిప్పన్ కూడా తెచ్చుకో. బండిబాట ఏదైనా మన భూమి గుండా గీసి ఉంటే దాన్ని ప్లాటులో కలపడానికి వీల్లేదు, ఇప్పుడు అక్కడ బండ్లు నడవకపోయినా సరే. నాకు గుర్తున్నంతవరకు ఉత్తరపు గట్టు పక్కన ఒకటి ఉండేది.

పార్కు, రోడ్లు స్థానిక సంస్థ పేర రిజిస్టరు చేసి ఇచ్చేయవలసినవే, వాటిని నీ చేతిలో ఉంచుకోవాలని చూడకు.

తొలకరి పడగానే ఫోను చేయి. వర్షం వెలిసిన గంటలో నీళ్లు ఎటు పారుతున్నాయో చూస్తూ సున్నంతో గుర్తులు వేద్దాం. లెవెల్ పుస్తకం దగ్గర ఉంచుకో. వదినకు నా నమస్కారాలు చెప్పు.

ఇట్లు,
మీ బాబాయి